ఫాయిలా, చేతి పూతా? పాపిడి దగ్గర తేలే హైలైట్స్ లెక్క

హైలైట్స్ ఎలా కుదిరాయో సెలూన్ నుంచి బయటికొచ్చిన రోజు తెలియదు. ఆ రోజు అందరి జుట్టూ బాగానే ఉంటుంది. డ్రయ్యర్ పెట్టి, కొసలు మెలితిప్పి, మంచి లైటు కింద ఫొటో తీసి మరీ పంపిస్తారు. రెండు మూడు నెలలు గడిచాక తలంటుకుని, ఆరబెట్టుకుని, మామూలుగా పాపిడి తీసుకుని అద్దంలో చూసుకున్నప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, అప్పటికి కుదుళ్ల దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల కొత్త నలుపు వచ్చి ఉంటుంది. కొందరి తలలో ఆ నలుపు, దాని కిందున్న లేత రంగు గీత గీసినట్టు విడిపోయి కనిపిస్తాయి. ఇంకొందరికి నలుపు ఎక్కడ ఆగిందో, రంగు ఎక్కడ మొదలైందో వెతికినా దొరకదు.

ఇద్దరికీ వేసింది ఒకే బ్లీచ్ అయి ఉండవచ్చు, ఎంచుకున్న షేడ్ కూడా ఒకటే కావచ్చు. తేడా వచ్చేది దాన్ని వేసిన పద్ధతిలో. ఒకరికి పాయలు విడదీసి అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టారు. రెండో వారికి బ్రష్‌తో నేరుగా జుట్టు మీద పూసి గాలికి వదిలేశారు. ఈ రెండో పద్ధతినే సెలూన్ల మెనూలో బాలయాజ్ అని రాస్తున్నారు. మొదటిది పాతది, రెండోది కొత్తది అని చాలామంది అనుకుంటారు గానీ అది నిజం కాదు. చేతి పూత 1970లలోనే పారిస్‌లో, కారిటా అక్కచెల్లెళ్ల సెలూన్‌లో పేరు తెచ్చుకుంది. పాయల మధ్య దూది పెట్టి పూసేవారు. ఆ రోజుల్లో మామూలు పద్ధతేమో తలకు చిల్లుల రబ్బరు టోపీ తొడిగి, కొక్కెం సూదితో ఒక్కొక్క పాయ బయటికి లాగి బ్లీచ్ పెట్టడం. కాబట్టి పాతా కొత్తా పక్కనపెట్టి, ఏ పద్ధతి జుట్టు మీద ఏం చేస్తుందో చూడటం మేలు.

ముందు బ్లీచ్ చేసే పని తెలియాలి. హైలైట్ అంటే రంగు వేయడం అనుకుంటాం గానీ, మన జుట్టు విషయంలో అది ముందుగా రంగు తీయడం. బ్లీచ్ పౌడర్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న డెవలపర్‌తో కలిపితే ఆ పేస్టు వెంట్రుక పై పొరను తెరిచి, లోపలికి వెళ్లి మెలనిన్‌ను కరిగిస్తుంది. నలుపు ఒక్కసారిగా పసుపు కాదు. మొదట ముదురు ఎరుపు తేలుతుంది, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు కలిసిన నారింజ, చివరికి లేత పసుపు. సెలూన్లలో దీన్ని ఒకటి నుంచి పది లెవెళ్లుగా లెక్కిస్తారు. ఒకటి కారునలుపు, పది అతి లేత పసుపు. తెలుగువాళ్ల జుట్టు చాలావరకు ఒకటి నుంచి మూడు లెవెళ్ల మధ్య ఉంటుంది. అందరూ అడిగే కారమెల్, హనీ బ్రౌన్ షేడ్లు ఆరు, ఏడు లెవెళ్ల దగ్గర ఉంటాయి. ఆ దూరం ప్రయాణించడానికి బ్లీచ్‌కు కావలసింది ముఖ్యంగా తడి. పేస్టు తడిగా ఉన్నంతసేపే పని చేస్తుంది. ఎండిపోయిందంటే అక్కడితో ఆగిపోయినట్టే.

ఫాయిల్ ఉపయోగమంతా ఇక్కడే ఉంది. అది పేస్టును ఎండనివ్వదు. తల వేడినీ, రసాయన చర్యలో పుట్టే వేడినీ లోపలే పట్టి ఉంచుతుంది. పక్క పాయలకు పేస్టు అంటకుండా అడ్డుగోడలా నిలుస్తుంది. అందుకే ఫాయిల్‌లో జుట్టు నాలుగైదు లెవెళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ లేతబడుతుంది. గాలికి వదిలేసిన చేతి పూత మూడు నాలుగు లెవెళ్లకు మించి వెళ్లడం కష్టం. రెండో లెవెల్ జుట్టు మీద ఆ మూడు లెవెళ్లకు వచ్చేది ఎర్రటి గోధుమ రంగు. ఇంటర్నెట్‌లో చూసిన యూరప్ అమ్మాయి ఫొటో తీసుకెళ్లి, చేతి పూతతో ఒక్క సిట్టింగ్‌లో అలా రావాలని అడిగితే నిరాశే మిగులుతుంది. ఆ అమ్మాయి మొదలుపెట్టిందే ఆరు, ఏడు లెవెళ్ల దగ్గర.

లేతదనం సంగతి అలా ఉంచి, అంచు సంగతికి వద్దాం. ఫాయిల్ పెట్టేవారి చేతిని దగ్గరగా గమనిస్తే అంచు ఎక్కడ పుడుతుందో అర్థమవుతుంది. తోక దువ్వెన కొనతో సన్నటి పాయ విడదీస్తారు. దాన్ని బిగువుగా పట్టుకుని, దువ్వెన తోకను కుట్టులో సూది నడిచినట్టు పైకీ కిందికీ నడుపుతూ కొన్ని వెంట్రుకలు పైకి తీసుకుంటారు, కొన్ని కిందికి వదిలేస్తారు. పైకి తీసిన వాటి కింద ఫాయిల్‌ను మాడుకు దాదాపు ఆనించి పెడతారు. బ్లీచ్ రాసి, మడిచి, పక్కకు వెళ్తారు. పైకి తీసిన వెంట్రుకలు ఎంత సన్నగా ఉంటే హైలైట్ అంత మెత్తగా కలుస్తుంది. అసలు అలా నడపకుండా పాయను పాయగా మొత్తం ఫాయిల్‌లో పెట్టేస్తే గట్టి చార వస్తుంది. అంటే ఫాయిల్ పెట్టిన ప్రతి తలా చారలుగానే ఉంటుందన్న మాట తప్పు. చాలా సన్నగా తీసి పెట్టిన ఫాయిల్స్‌లో చార కనిపించదు, జుట్టంతా మొత్తంగా ఒక మెరుపు వచ్చినట్టుంటుంది. దానికి రెండింతల ఫాయిల్స్, రెండింతల సమయం కావాలి, డబ్బూ అలాగే అవుతుంది. రద్దీ రోజున తొందరలో ఉన్న సెలూన్ ఆ పని చేయదు, అంతే.

అయితే ఎంత సన్నగా తీసినా ఫాయిల్‌లో మారని విషయం ఒకటుంది. ఫాయిల్ అంచు తిన్నటి గీత. బ్లీచ్ ఆ గీత దగ్గరే మొదలవుతుంది, మొదటి వెంట్రుకకూ చివరి వెంట్రుకకూ ఒకే ఎత్తులో. పైగా మాడు వేడికి కుదురు దగ్గరి జుట్టు కొసల కన్నా త్వరగా లేతబడుతుంది. కొత్త నలుపు పెరిగే చోటే రంగు అన్నిటికన్నా కొట్టొచ్చినట్టుంటుంది. రెండు నెలల తర్వాత పాపిడి దగ్గర కనిపించే గీతకు కారణం ఇదే.

చేతి పూతలో ఆ అడ్డగీత ఉండదు. పాయను బిగువుగా పట్టుకుని, బ్రష్‌ను కొసల దగ్గర నిండుగా, పైకి వెళ్లే కొద్దీ తేలిగ్గా ఆడిస్తారు. పాయ రెండు పక్కలా పూత కొంచెం పైదాకా వెళ్తుంది, మధ్యలో కిందనే ఆగుతుంది. పూత మొదలైన చోటు ఇంగ్లీషు వి అక్షరంలానో, డబ్ల్యూ అక్షరంలానో కనిపిస్తుంది. పై చివర బ్రష్‌లో మిగిలిన కాస్త పేస్టునే ఈకతో రాసినట్టు రాస్తారు. అక్కడ కొన్ని వెంట్రుకలకే బ్లీచ్ అంటుతుంది, వాటికీ పలచగానే అంటుతుంది. దాంతో నలుపు నుంచి లేత రంగుకు మెట్టు ఉండదు, వాలు ఉంటుంది. కొత్త జుట్టు పెరిగినా ఆ వాలు కాస్త కిందికి జరుగుతుందే తప్ప గీత పడదు. అందుకే ఫాయిల్ వేయించుకున్నవారు రెండు మూడు నెలలకోసారి సెలూన్‌కు పరుగెత్తాల్సి వస్తే, చేతి పూతవారు ఐదారు నెలలు నిశ్చింతగా ఉండగలరు.

దీనికి వాడే పేస్టు కూడా వేరు. ఫాయిల్‌లో పెట్టే బ్లీచ్ పెరుగులా జారుడుగా ఉన్నా పనికొస్తుంది. బయట పూసేదానిలో కేయోలిన్ లాంటి మెత్తని బంకమన్ను కలిసి ఉంటుంది, డెవలపర్ తక్కువ పోసి చిక్కగా కలుపుతారు. అది పైన పెచ్చు కట్టి, ఆ పెచ్చు లోపల తడిని కాసేపు కాపాడుతుంది. కాసేపే. ఏసీ గాలి నేరుగా తగిలే కుర్చీలో కూర్చుంటే అది ఇంకా త్వరగా ఆరిపోతుంది.

చేతి పూతలో పదును అసలు రాదా అంటే, వస్తుంది. రాకూడని చోట వస్తుంది. బ్రష్ నిండా పేస్టు తీసుకుని మొదటి దెబ్బే పైన వేస్తే అక్కడ మచ్చ పడుతుంది, ఆ మచ్చకు అంచు ఉంటుంది. తల చుట్టూ అన్ని పాయలకూ ఒకే ఎత్తులో పూత మొదలుపెడితే, వెనక నుంచి చూసినప్పుడు జుట్టును రంగు డబ్బాలో సగం వరకు ముంచి తీసినట్టు కనిపిస్తుంది. ఇంకో లోపం మరీ సాధారణం. పూత పాయ పైభాగానికే అంటి, లోపలి వెంట్రుకలకు చేరదు. జుట్టు వదులుగా వేసుకున్నప్పుడు బాగుంటుంది, పాయ ఎత్తి తిప్పి చూస్తే కింద నలుపు అలాగే ఉంటుంది. పై పై మెరుపే కావాలనుకుంటే అది లోపం కాదు, ఆ పద్ధతి గుణమే. కొసలు మాత్రం లోపలి దాకా తడవాలి. అక్కడ కూడా నలుపు మిగిలితే పని సగంలో వదిలేసినట్టు.

ఫాయిల్ లోపం మరో రకం. పాయ దగ్గర కుదురు మీద చిన్న నారింజ చుక్కలు కనిపిస్తే బ్లీచ్ ఫాయిల్ దాటి కారిందని గుర్తు. పేస్టు జారుడుగా కలపడం, అంచు దాకా రాయడం, ఫాయిల్ కిందికి జారడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. బ్లీచ్ పనిచేస్తూ కొంచెం ఉబ్బుతుంది కాబట్టి అనుభవం ఉన్నవారు ఫాయిల్ పై అంచుకు అర సెంటీమీటరు ఖాళీ వదిలి రాస్తారు. చుక్కలు పడ్డాక వాటిని మళ్లీ బ్లీచ్‌తో సరిచేయలేరు. ఆ చోటికి మాత్రం సహజమైన నలుపుకు దగ్గరి రంగు అద్ది కప్పేయాలి.

మనవాళ్లు ఈ లెక్కలో జడను మరచిపోతారు. విదేశీ ఫొటోల్లో జుట్టు ఎప్పుడూ విరబోసే ఉంటుంది. మన దగ్గర ఆఫీసుకు క్లిప్, ఇంట్లో ముడి, పెళ్లికి జడ. కుదురు నుంచి ఫాయిల్ పెట్టిన జుట్టును జడ అల్లితే పాయ పాయలో లేత రంగు తొంగిచూస్తుంది, అల్లిక స్పష్టంగా కనిపిస్తుంది. అది చాలామందికి నచ్చుతుంది కూడా. చేతి పూత జడ మెడ దాకా నల్లగా ఉండి, నడుము దగ్గరికి వచ్చేసరికి లేతగా మారుతుంది. పూలు పెట్టుకునే చోట అంతా నలుపే. ముడి వేస్తే మాత్రం చేతి పూత చిక్కులో పడుతుంది. పైన పూసిన భాగం ముడిలోకి వెళ్లిపోతుంది, పూయని కింది జుట్టు బయట కనిపిస్తుంది. రోజంతా ముడితో ఉండేవారికి ముఖం చుట్టూ, చెవుల వెనక నాలుగైదు ఫాయిల్స్ ఇచ్చే ఫలితం మొత్తం తలకు చేసిన చేతి పూత ఇవ్వదు. ఉంగరాల జుట్టుకు లెక్క తిరగబడుతుంది. అక్కడ ఏ ఉంగరం పైకి తేలుతుందో చూసి దాన్నే పూయవచ్చు కాబట్టి చెయ్యే నయం. తిన్నటి జుట్టు మీద ప్రతి తప్పూ కనిపిస్తుంది. సెలూన్లవాళ్లు ఫొటోకు ముందు కొసలు మెలితిప్పేది ఊరికే కాదు.

ఒక తలను తీసుకుని చూద్దాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే 35 ఏళ్ల ఒకావిడ అనుకోండి. నడుము దాకా తిన్నటి జుట్టు, రెండో లెవెల్ నలుపు, ఇంతకు ముందు ఏ రంగూ వేయలేదు. కావలసింది కారమెల్ రంగు, ఏడో లెవెల్. పాపిడి దగ్గర గీత పడకూడదు, నెలనెలా సెలూన్‌కు వెళ్లే తీరిక లేదు. గీత వద్దంటే చేతి పూత కావాలి. రెండు నుంచి ఏడుకు ఐదు లెవెళ్లు ఎక్కాలంటే గాలికి వదిలిన పూత చాలదు, ఫాయిల్ కావాలి. ఆవిడ కోరిక రెండు పద్ధతులనూ చెరో వైపు లాగుతోంది.

పని తెలిసిన చేతులు ఇక్కడ రెండూ కలుపుతాయి. ముందుగా పాయ తీసుకుని, కుదురు వైపున్న జుట్టును దువ్వెనతో మాడు వైపుకు వెనక్కి దువ్వుతారు. పొట్టి వెంట్రుకలన్నీ పైకి వెళ్లి చిన్న ఉండలా చేరతాయి, పొడవైనవి కింద మిగులుతాయి. చెవి ఎత్తు నుంచో, గడ్డం ఎత్తు నుంచో కిందికి వి ఆకారంలో పూసి, ఆ పూసిన భాగాన్ని మాత్రం ఫాయిల్‌లో వదులుగా మడుస్తారు. పక్క పాయకు ఒక అంగుళం పైన, ఆ పక్కదానికి ఒక అంగుళం కింద మొదలుపెడతారు. దువ్వి పైకి పంపిన వెంట్రుకలకు బ్లీచ్ అంటదు కాబట్టి, తర్వాత వాటిని విప్పి దువ్వితే అంచు తనంతట తనే చెదిరిపోతుంది. కింద ఫాయిల్ తడిని నిలిపి ఉంచుతుంది కాబట్టి రంగు లేతబడుతుంది. డెవలపర్ 20 వాల్యూమ్, అంటే ఆరు శాతం పెరాక్సైడ్. త్వరగా అవుతుందని 40 వాల్యూమ్ పోస్తే లేతబడటం కన్నా ముందు కొసలు చిట్లుతాయి.

పది నిమిషాలకోసారి ఒక ఫాయిల్ విప్పి, కొద్దిగా పేస్టు తుడిచి చూస్తారు. ఇటుక ఎరుపు కనిపిస్తే ఇంకా ఆగాలి. నారింజలో పసుపు బాగా కలిసిందంటే ఏడో లెవెల్ దగ్గరపడినట్టు. అప్పుడు కడిగేస్తారు. పేస్టు డబ్బా మీద రాసిన గరిష్ఠ సమయం దాటకూడదు. అప్పటికీ ఆ రంగు రాకపోతే, అదే రోజు మళ్లీ పూయకుండా కొన్ని వారాల తర్వాత ఇంకో సిట్టింగ్ పెట్టుకోవడమే మంచిది. కడిగిన తర్వాత ఉన్నది కారమెల్ కాదు, ఒట్టి రాగి రంగు. దాని మీద టోనర్ వేస్తారు. నారింజను నీలం, పసుపును ఊదా అణచివేస్తాయి కాబట్టి ఆ ఛాయలు కొద్దిగా ఉన్న టోనర్ ఎంచుతారు. కుదురు వైపు ఇంకాస్త ముదురు టోనర్‌ను వేళ్లతో రాస్తే మిగిలిన చిన్న చిన్న గీతలు కూడా కలిసిపోతాయి. పదునుగా వచ్చిన ఫాయిల్ పనిని మెత్తబరచడానికి కూడా ఈ ఉపాయమే వాడతారు. కానీ టోనర్ నిలిచేది నెల, రెండు నెలలే. అది వెలిసిపోయాక కింద దాగిన రాగి మళ్లీ తేలుతుంది, దాంతో పాటు గీతలూ తేలతాయి. టోనర్‌తో కప్పిన అంచు వేరు, బ్లీచ్ వేసేటప్పుడే చెదరగొట్టిన అంచు వేరు.

పదే పదే ఫాయిల్స్ వేయించుకునేవారు గమనించే ఇంకో మార్పు ఉంది. పోయినసారి తీసిన వెంట్రుకలనే ఈసారీ తీయడం ఎవరి వల్లా కాదు. కొన్ని కొత్తవి వచ్చి చేరతాయి. నాలుగైదు సార్లు తిరిగేసరికి నలుపే తక్కువై, జుట్టంతా ఒకే లేత రంగులోకి వెళ్లిపోతుంది. పక్కన నలుపు లేనప్పుడు హైలైట్ కనిపించదు. అప్పుడు మధ్య మధ్యలో ముదురు పాయలు తిరిగి వేయాల్సి వస్తుంది. ఇప్పటికే బ్లీచ్ తగిలిన చోట మళ్లీ బ్లీచ్ పడితే వెంట్రుక రబ్బరులా సాగి తెగుతుంది. ఫాయిల్‌లో ఆ ప్రమాదం పాత రంగు, కొత్త జుట్టు కలిసే చోట ఉంటుంది, చేతి పూతలో కొసల దగ్గర ఉంటుంది.

తెల్ల వెంట్రుకలు మొదలైనవారికి మాత్రం సన్నటి ఫాయిల్స్ బాగా పనికొస్తాయి. తెలుపు పుట్టేది కుదురు దగ్గరే కాబట్టి, కుదురు నుంచే మొదలయ్యే సన్నటి లేత గీతల మధ్య అది కలిసిపోతుంది. చెవి కింద మొదలయ్యే చేతి పూత పాపిడిలో మెరిసే తెలుపుకు ఏమీ చేయదు.

సెలూన్‌కు వెళ్లేవారు బాలయాజ్ కావాలా, ఫాయిల్ కావాలా అన్న ప్రశ్నతో మొదలుపెట్టనక్కర్లేదు. రంగు ఏ ఎత్తులో మొదలవ్వాలి, ఎంత లేతగా ఉండాలి, జుట్టు రోజూ ఎలా కట్టుకుంటారు అన్నవి చెబితే పద్ధతి దానంతట అదే తేలుతుంది. చేసినవారి పాత పనుల్లో మెలితిప్పని జుట్టు ఫొటో, కుదురుతే రెండు నెలల తర్వాతి ఫొటో అడిగి చూడండి. గోరింటాకు పెట్టుకునే అలవాటుంటే, ముఖ్యంగా దుకాణంలో కొన్న నల్ల హెన్నా పొడి వాడి ఉంటే, ఆ మాట దాచకండి. వాటిలో కొన్నింట్లో లోహ లవణాలు కలిసి ఉంటాయి, పెరాక్సైడ్ తగిలితే వెంట్రుక వేడెక్కి పాడైపోతుంది. మెడ వెనక నుంచి ఒక చిన్న పాయ కత్తిరించి ముందు దానిమీద బ్లీచ్ వేసి చూడమనండి. ఆ పరీక్షకు ఒప్పుకోని సెలూన్‌లో ఏ పద్ధతిలోనూ హైలైట్స్ వేయించుకోవద్దు.